పిత్రార్జితం, స్వార్జితం రెండూ ఉన్నప్పుడు వీలునామా రాయడం ఎలా

వీలునామా రాయడానికి కూర్చునే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ పేరున ఉన్న ప్రతి ఆస్తికీ ఎదురుగా అది మీకు ఎలా వచ్చిందో రాసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకంలో మీ పేరు ఉండటం, ఈసీలో మీ పేరు కనిపించడం ఇక్కడ సరిపోవు. మీ పేరున ఉన్నదంతా మీరు వీలునామాతో ఇవ్వగలిగినది కాదు. మన ప్రాంతంలో వీలునామాల మీద నడిచే దావాల్లో చాలావాటికి మూలం దస్తావేజు తప్పుగా రాయడం కాదు, తనది కాని వాటాను తనదిగా రాసుకోవడం. ఇక్కడ చెప్పేదంతా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలకే పరిమితం. ముస్లింలకు మూడో వంతు పరిమితి వంటి వేరే నియమాలు ఉన్నాయి. క్రైస్తవులకు పుట్టుకతో హక్కు వచ్చే పిత్రార్జితం అన్న భావనే లేదు.

విషయం తేలికగా పట్టుబడటానికి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. తెనాలి పక్క ఊళ్ళో ఉంటున్న 70 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుడికి భార్య, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు, పెళ్ళై అమెరికాలో స్థిరపడిన కుమార్తె ఉన్నారు. ఆయన పేరున 4 ఎకరాల 50 సెంట్ల మాగాణి ఉంది. అది తాతగారి కాలం నుంచి వచ్చిన భూమి. 1984లో ఆయన తండ్రి, అన్నదమ్ములు రిజిస్టర్డ్ భాగపరిష్కార దస్తావేజు రాసుకున్నప్పుడు ఆయన వాటాకు వచ్చింది. మరో చోట 80 సెంట్ల మెట్ట ఉంది. ఆయన తండ్రి సొంత సంపాదనతో కొన్న 2 ఎకరాల 40 సెంట్లను, తండ్రి 1991లో వీలునామా లేకుండా పోయాక ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు సమంగా పంచుకోగా వచ్చినది అది. ఇవి కాక 1998లో జీతం, గృహరుణంతో తెనాలిలో కట్టుకున్న ఇల్లు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి.

మొదటి అడుగు: ఏది పిత్రార్జితమో, ఏది కాదో తేల్చుకోవడం

ఊళ్ళో ఎవరిని అడిగినా మాగాణి, మెట్ట రెండూ పిత్రార్జితమేనని చెబుతారు. చట్టం అలా చూడదు. మాగాణి తాతల నుంచి మగ సంతతి వరుసలో దిగివచ్చి, పంపకంలో ఉపాధ్యాయుడి వాటాకు వచ్చింది కనుక, ఆయన పిల్లలకు దానిలో పుట్టుకతోనే హక్కు ఉంటుంది. 80 సెంట్ల మెట్ట అలాంటిది కాదు. తండ్రి స్వార్జితం 1956 చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం కొడుకుకు వస్తే అది ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుందే తప్ప, అతని పిల్లలకు అందులో పుట్టుకతో హక్కు ఏర్పడదని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఆ 80 సెంట్లను ఉపాధ్యాయుడు తన ఇష్టం వచ్చినవారికి రాయవచ్చు. తల్లి వైపు నుంచి వచ్చిన ఆస్తి కూడా ఈ అర్థంలో పిత్రార్జితం కాదు. తండ్రి బహుమతిగానో వీలునామా ద్వారానో తన స్వార్జితాన్ని ఇచ్చి ఉంటే మాత్రం ఆ పత్రంలోని మాటలు చదవాలి. 'నీకూ నీ సంతతికీ' అన్నట్టు కుటుంబానికంతటికీ ఉద్దేశించి ఇచ్చాడా, కొడుకుకే సొంతంగా ఇచ్చాడా అన్నది ఆ మాటలను బట్టే తేలుతుంది.

ఇల్లు విషయంలో సందేహం లేదనిపిస్తుంది కానీ, పిత్రార్జిత భూమి మీద వచ్చిన ఆదాయం ఉన్న కుటుంబంలో ఎవరైనా 'ఆ పంట డబ్బుతోనే ఇల్లు కట్టారు' అని తరవాత వాదించవచ్చు. అందుకని ఇల్లు ఏ డబ్బుతో కొన్నారో వీలునామాలోనే ఒక వాక్యంలో చెప్పి, రుణం తీర్చిన పత్రాలను, జీతపు వివరాలను విడిగా భద్రపరచడం మంచిది. కుటుంబ పింఛను వీలునామాతో పంచేది కాదు, అది నిబంధనల ప్రకారమే వెళ్తుంది కాబట్టి జాబితాలో దానికి చోటు లేదు.

రెండో అడుగు: పిత్రార్జితంలో మీ వాటా ఎంతో లెక్కించడం

పిత్రార్జితాన్ని అసలు వీలునామాలో రాయకూడదని కొందరు, మొత్తం రాసేయవచ్చని మరికొందరు చెబుతుంటారు. రెండూ పొరపాటే. ఉమ్మడి ఆస్తిలో హిందువుకు ఉన్న వాటాను వీలునామాతో ఇవ్వవచ్చని 1956 చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోంది. అంటే వాటాను మాత్రమే ఇవ్వవచ్చు.

ఆ వాటా ఎంత? 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన సవరణతో కుమార్తె కూడా కుమారుడితో సమానంగా పుట్టుకతోనే హక్కుదారు. అంతకు చాలా ముందే, 1985లోనే, ఆంధ్రప్రదేశ్ తన సవరణతో అప్పటికి పెళ్ళి కాని కుమార్తెలకు ఈ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు తేల్చింది. కుమార్తె పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినా, కట్నం ఇచ్చినా ఈ హక్కు పోదు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టర్డ్ పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు. ఉపాధ్యాయుడు 1984లో తన అన్నదమ్ములతో చేసుకున్న పంపకం అలాగే నిలుస్తుంది కానీ, ఆ పంపకంలో ఆయనకు వచ్చిన భాగంలో ఆయన పిల్లలిద్దరి హక్కూ అలాగే ఉంటుంది.

కాబట్టి మాగాణిలో ముగ్గురు వాటాదారులు: తండ్రి, కుమారుడు, కుమార్తె. తలా మూడో వంతు, అంటే 1 ఎకరం 50 సెంట్లు. తండ్రీ కొడుకుల మధ్య పంపకం జరిగినప్పుడు భార్యకు విడిగా వాటా ఇచ్చే పద్ధతి మన దక్షిణాది ఆచారంలో ఎప్పుడో వాడుకలో లేకుండా పోయింది కనుక ఆమెను ఈ లెక్కలో వేయరు. తండ్రి వాటా ఆయన తదనంతరం వీలునామా లేకుండా వెళ్ళినప్పుడు మాత్రం ఆమె వారసురాలే. అప్పుడు ఆ 1 ఎకరం 50 సెంట్లు భార్య, కుమారుడు, కుమార్తెల మధ్య తలా 50 సెంట్లుగా చీలుతుంది. వీలునామా రాస్తే ఆ 1 ఎకరం 50 సెంట్లను ఒక్కరికే ఇవ్వడానికి అడ్డు లేదు.

ఇక్కడ రాతలో జరిగే పొరపాటు ఒకటి దగ్గరగా చూడవలసినది. 'సర్వే నంబరు ఫలానాలో తూర్పు వైపు 1 ఎకరం 50 సెంట్లు నా కుమారునికి ఇస్తున్నాను' అని రాస్తే రెండు తప్పులు జరుగుతాయి. పంపకం జరగకుండా తూర్పు వైపు మీదేనని నిర్ణయించే హక్కు మీకు లేదు. రెండోది, వాటా మీరు చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించి కట్టేది. ఈలోగా వాటాదారుల సంఖ్య మారితే మూడో వంతు అన్న లెక్కే మారుతుంది. అందువల్ల విస్తీర్ణం కాకుండా హక్కును ఇలా రాయాలి:

"ఈ క్రింది 'ఎ' షెడ్యూలులోని భూమి నాకు 1984వ సంవత్సరంలో రిజిస్టరయిన భాగపరిష్కార దస్తావేజు ద్వారా సంక్రమించిన పిత్రార్జితము. దానిలో నా కుమారునికి, కుమార్తెకు గల స్వంత వాటాలను నేను ఈ వీలునామా ద్వారా ఎంతమాత్రము ప్రభావితము చేయుట లేదు. నా మరణమునకు ముందు విభాగము జరిగినచో నా భాగమునకు వచ్చు హక్కును, అది ఎంత వాటా అయినప్పటికీ, నా కుమారునికి సంపూర్ణ హక్కులతో ఇచ్చుచున్నాను."

రెండో వాక్యం అక్కరలేదని కొందరు లేఖరులు తీసేస్తారు. నా అభిప్రాయంలో ఈ పత్రంలో అన్నిటికన్నా పనికివచ్చే వాక్యం అదే. కుమార్తె హక్కును తండ్రి గుర్తించాడని రాతపూర్వకంగా ఉంటే, వీలునామా న్యాయంగా లేదని వాదించే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

మాగాణి మొత్తం కుమారుడికి, ఇల్లు కుమార్తెకు అని మనసులో ఒక లెక్క పెట్టుకునే తండ్రులు ఎక్కువ. అలాంటప్పుడు కుమార్తె మాగాణిలో తన మూడో వంతు కోరుతూనే ఇల్లు కూడా తీసుకుంటే ఆ లెక్క చెదిరిపోతుంది. అలాంటి చోట రెండింటిలో ఒకటి ఎంచుకోవాలన్న సూత్రం వారసత్వ చట్టంలో ఉన్నా, రాతలో లేకపోతే అది కోర్టులో వాదనగా మారుతుంది. 'నా కుమార్తె మాగాణిలో తన వాటాను కోరినచో ఇల్లు ఆమెకు చెందదు, అది శేష ఆస్తిలో కలియును' అని స్పష్టంగా రాయవచ్చు. శేష ఆస్తి అంటే వీలునామాలో విడిగా ఎవరికీ రాయని మిగిలిన ఆస్తి. అంతకన్నా నికరమైన దారి బతికుండగానే కుటుంబమంతా కలిసి రిజిస్టర్డ్ భాగపరిష్కారం చేసుకుని, లేదా కుమార్తె తన వాటాకు హక్కు విడుదల దస్తావేజు రాసి ఇచ్చి, ఆ తరవాత వీలునామా రాయడం. ఇంట్లో మాటలు నడుస్తున్న కుటుంబానికి ఇదే నేను ముందుగా చెప్పే సలహా.

మూడో అడుగు: భార్యకు ఏమి ఇస్తున్నారో నిర్ణయించడం

తెలుగు వీలునామాల్లో అచ్చుపోసినట్టు కనిపించే వాక్యం ఇది: 'నా భార్య తన జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారుడు సర్వహక్కులతో అనుభవించవలెను.' ఇది రాసిన తండ్రికి ఇల్లు చివరకు కుమారుడికే చేరుతుందన్న నమ్మకం. 1956 చట్టంలోని 14వ సెక్షన్ రెండు ఉపవిభాగాలుగా ఉంటుంది. మొదటిది స్త్రీ చేతిలోని ఆస్తి ఆమెకు సంపూర్ణంగా చెందుతుందంటుంది. రెండోది వీలునామాలో పరిమిత హక్కే ఇచ్చి ఉంటే అది పరిమితంగానే ఉంటుందంటుంది. అయితే ఆమెకు ముందే ఉన్న పోషణ హక్కుకు బదులుగా ఆస్తి ఇచ్చి ఉంటే, పైపైన పరిమిత హక్కు అని రాసినా అది సంపూర్ణ హక్కు అవుతుందని ఆంధ్ర నుంచి వెళ్ళిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. ఆ కేసు రాజీ పత్రం మీద వచ్చినదే అయినా, తరవాత వీలునామాల మీద వచ్చిన తీర్పులు అటూ ఇటూ ఉన్నాయి.

కనుక నిర్ణయం ముందే తీసుకోండి. ఆమెకు ఇల్లు పూర్తిగా ఇవ్వాలనుకుంటే 'సంపూర్ణ హక్కులతో, అమ్ముకొను హక్కుతో సహా' అని రాసి అక్కడితో ఆగండి. దాని తరవాత 'ఆమె తదనంతరం' అంటూ మరో వాక్యం తగిలించకండి. అది ముందు ఇచ్చినదానితో పొసగదు. జీవితాంతపు హక్కే ఇవ్వాలనుకుంటే, ఆమె పోషణకు డిపాజిట్ల వడ్డీ వంటి ఏర్పాటు విడిగా చేసి, 'పోషణ నిమిత్తము' అన్న మాటను ఇల్లు ఇచ్చే వాక్యంలోకి రానీయకుండా, 'నివసించు హక్కు మాత్రమే' అని వీలైనంత తేటగా రాయాలి. అప్పటికీ దావా పడే అవకాశం కొంత మిగులుతుంది. మన ఉపాధ్యాయుడు ఇంటిని భార్యకు సంపూర్ణంగా ఇచ్చేశాడనుకుందాం. అప్పుడు ఆమె కూడా అదే రోజు తన వీలునామా రాసుకోవడం సబబు.

ఇంకో చిన్న విషయం. ఇవ్వాలనుకున్న మనిషి మీకన్నా ముందే పోతే ఏమవుతుందో రాయండి. భార్య ముందు పోతే ఆమెకు రాసినది చెల్లకుండా శేష ఆస్తిలో పడుతుంది. 'ఆమె నాకంటె ముందు మరణించినచో నా కుమారునికి, కుమార్తెకు సమానముగా' అన్న ఒక్క మాట ఆ సందు మూసేస్తుంది. అలాగే 'పైన చెప్పని, ఇకముందు నాకు సంక్రమించు మిగిలిన సమస్త ఆస్తి' అంటూ శేష ఆస్తి ఎవరికో ఒక వాక్యం ఉండాలి. లేకపోతే మీరు మరచిపోయిన ఖాతా వీలునామా లేనట్టే పంచబడుతుంది.

నామినీ పేరు చూసి డిపాజిట్లను వదిలేయకండి. బ్యాంకు నుంచి డబ్బు తీసుకోవడానికి అర్హత నామినీకి ఉంటుంది, ఆస్తి మాత్రం వారసులదే. నామినీ ఒకరు, వీలునామాలో మరొకరు ఉంటే గొడవకు మీరే విత్తనం వేసినట్టు. రెండింటినీ ఒకే పేరుకు సరిచేయండి. అమెరికాలోని కుమార్తెకు 80 సెంట్ల మెట్ట రాయడానికి అడ్డంకి లేదు. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్నవారు మన దేశంలో వ్యవసాయ భూమిని కొనలేరు కానీ వారసత్వంగా పొందగలరు. తరవాత అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. అందుకని భూమి కన్నా డిపాజిట్లే ఆమెకు సౌకర్యమా అని ఆమెనే ఒకసారి అడగండి.

నాలుగో అడుగు: ఎగ్జిక్యూటర్, ప్రత్యామ్నాయ ఎగ్జిక్యూటర్

మన వీలునామాల్లో ఎక్కువగా ఖాళీగా మిగిలే చోటు ఇదే. ఎగ్జిక్యూటర్ లేకపోయినా వీలునామా చెల్లుతుంది. అయితే అమలు చేసే బాధ్యత ఎవరిదో తెలియక, బ్యాంకుకు ఒకరు, తహసీల్దారు కార్యాలయానికి మరొకరు తిరుగుతారు. భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం ఎగ్జిక్యూటరే చనిపోయిన వ్యక్తికి చట్టపరమైన ప్రతినిధి. అప్పులు తీర్చడం, రావలసినవి వసూలు చేయడం, ఎవరికి రాసినవి వారికి అప్పగించడం అతని పని. అతడు సమ్మతించి అప్పగించేదాకా లబ్ధిదారు హక్కు పూర్తి కాదు. ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తీసుకోవలసి వస్తే ఎగ్జిక్యూటరు మాత్రమే తీసుకోగలడు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతంలోని ఆస్తులకు హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. వివాదం వస్తుందన్న అనుమానం ఉన్నప్పుడో, ఏదైనా సంస్థ పట్టుబట్టినప్పుడో జిల్లా కోర్టు నుంచి తెచ్చుకుంటారు.

లబ్ధిదారును ఎగ్జిక్యూటర్‌గా పెట్టడానికి చట్టం అడ్డు చెప్పదు. కానీ ఎక్కువ వాటా తీసుకునే కుమారుడినే ఎగ్జిక్యూటర్‌గా పెట్టి, అతడే వీలునామా రాయించిన లేఖరిని పిలిచి, అతడే రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకువెళ్తే, కోర్టు ఆ పత్రాన్ని అనుమానంతో చూస్తుంది. ఆ అనుమానాస్పద పరిస్థితులను వీలునామా నిలబెట్టాలనుకునేవాళ్ళే నివృత్తి చేయాలని 1959 నాటి వెంకటాచల అయ్యంగార్ తీర్పు నుంచి కోర్టులు చెబుతూ వస్తున్నాయి. మన కుటుంబంలో ఉపాధ్యాయుడి మేనల్లుడు ఒకడు గుంటూరులో ఉన్నాడనుకోండి, లెక్కలు రాసే అలవాటు ఉన్నవాడు, వీలునామాలో ఏమీ రానివాడు. అతణ్ణి మొదటి ఎగ్జిక్యూటర్‌గా, కుమారుడిని ప్రత్యామ్నాయంగా పెట్టడం సహేతుకం. ఇద్దరినీ ముందే అడిగి ఒప్పించాలి. పేరు చూసి ఆశ్చర్యపోయే ఎగ్జిక్యూటర్ తొందరగా తప్పుకుంటాడు. మీకన్నా బాగా చిన్నవాడై ఉండటం, ఆ జిల్లాలోనే ఉండటం ఎంత పెద్ద చదువులున్నా వాటికన్నా ముఖ్యం.

ప్రత్యామ్నాయం పేరు రాస్తే చాలదు, అతడు ఎప్పుడు రంగంలోకి వస్తాడో రాయాలి. 'ఆయన లేనిపక్షంలో' అని రాసే వీలునామాల్లో 'లేకపోవడం' అంటే చనిపోవడమా, ఊళ్ళో లేకపోవడమా, ఒప్పుకోకపోవడమా అన్నది తేలదు. ప్రత్యామ్నాయుడు బ్యాంకుకు వెళ్ళి నిలబడితే వాళ్ళు మొదట అడిగేది 'మొదటి ఆయన ఎందుకు రాలేదో కాగితం చూపించండి' అనే. ఆ కాగితం ఏదో మీరే ముందుగా నిర్ణయించాలి:

"ఈ వీలునామాను అమలుపరచుటకు నా మేనల్లుడైన ఫలానా వారిని ఎగ్జిక్యూటర్‌గా నియమించుచున్నాను. వారు నాకంటె ముందు మరణించినను, లిఖితపూర్వకముగా నిరాకరించినను, అనారోగ్యము వలన పని చేయలేని స్థితిలో ఉన్నట్లు వైద్యుడు ధ్రువీకరించినను, లేక నా మరణానంతరము లబ్ధిదారులలో ఎవరైనా స్పీడ్ పోస్టు ద్వారా కోరిన తేదీ నుండి 60 రోజులలోగా బాధ్యత స్వీకరించకపోయినను, నా కుమారుడైన ఫలానా వారు ప్రత్యామ్నాయ ఎగ్జిక్యూటర్‌గా అవే అధికారములతో వ్యవహరించవలెను. మొదటి ఎగ్జిక్యూటర్ బాధ్యత స్వీకరించిన తరువాత మరణించినను, తప్పుకున్నను, మిగిలిన పనిని ప్రత్యామ్నాయ ఎగ్జిక్యూటర్ పూర్తి చేయవలెను."

60 రోజులు అన్నది చట్టం చెప్పిన గడువు కాదు, మీకు సరిపడిన సంఖ్యను మీరు పెట్టుకోవచ్చు. చివరి వాక్యాన్ని చాలామంది మరచిపోతారు. సగంలో ఆగిపోయిన పని, మొదలే కాని పనికన్నా ఎక్కువ చిక్కు తెస్తుంది. ఇద్దరినీ కలిసి పనిచేయాలని ఉమ్మడిగా నియమించడం కూడా నాకు నచ్చదు. ఒకరు సంతకం పెట్టకపోతే అన్నీ ఆగుతాయి.

అధికారాల గురించి నాలుగైదు మాటలు చాలు: ఖాతాలు మూయించి డబ్బు తీసుకోవడం, అప్పులు, ఆసుపత్రి ఖర్చులు, అంత్యక్రియల ఖర్చు ముందు చెల్లించడం, మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయడం, అవసరమైతే కోర్టుకు వెళ్ళడం, ఆ ఖర్చులు శేష ఆస్తి నుంచి తీసుకోవడం. స్థిరాస్తి అమ్మే అధికారం ఇవ్వదలచుకోకపోతే ఇవ్వడం లేదని రాయాలి, ఎందుకంటే మీరు పరిమితి పెట్టకపోతే చట్టం ఎగ్జిక్యూటర్‌కు అమ్మే అధికారం కూడా ఇస్తుంది. చట్టం ప్రకారం మరణించిన రోజు నుంచి ఏడాదిలోపు అప్పగించవలసిన నిర్బంధం లేదు కాబట్టి, తొందర ఉన్న లబ్ధిదారుకు ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది.

అయిదో అడుగు: సంతకాలు, సాక్షులు, రిజిస్ట్రేషన్

వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు. మామూలు కాగితం మీద, మీకు బాగా తెలిసిన భాషలో రాయవచ్చు. పైన మీ పేరు, వయసు, చిరునామా, తేదీ, ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నట్టు ఒక వాక్యం, మీ కుటుంబ సభ్యులందరి పేర్లు రాయాలి. ఎవరికి ఏమీ ఇవ్వడం లేదో వారి పేరు కూడా రాసి, కారణం ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. ఆ పేరే లేకపోతే 'మా నాన్న మతి తప్పి నన్ను మరచిపోయాడు' అన్న వాదన వస్తుంది. షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, మీకు సంక్రమించిన దస్తావేజు నంబరు, సంవత్సరం ఉండాలి. ప్రతి పేజీ కింద సంతకం చేయండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే ఆ పక్కన మీరూ సాక్షులూ సంతకం పెట్టాలి, లేదా ఆ పేజీ తిరిగి రాయించాలి.

సాక్షులు కనీసం ఇద్దరు. మీరు సంతకం చేస్తుంటే వారు చూడాలి, లేదా అది మీ సంతకమేనని మీరు వారితో చెప్పాలి. ఆ తరవాత వారు మీ ఎదుట సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి ఉండవలసిన అవసరం చట్టం పెట్టలేదు కానీ, ఒకేసారి ఉండటమే తరవాత సులువు. మీ మరణానంతరం వీలునామా కోర్టుకు వెళ్తే కనీసం ఒక సాక్షి వచ్చి సాక్ష్యం చెప్పవలసిందే. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఈ అవసరం తీరదు. అందుకే సాక్షులు మీకన్నా చిన్నవారై, దొరికే చోట ఉండేవారై, వీలునామాలో ఏమీ రానివారై ఉండాలి. ఎగ్జిక్యూటర్ సాక్షిగా సంతకం పెట్టినా చట్టం తప్పు పట్టదు, అయినా వేరేవారిని పెట్టడమే నయం. వయసు బాగా మీద పడినవారు అదే రోజు కుటుంబ వైద్యుడి దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకుని జతచేయవచ్చు. అది తప్పనిసరి కాదు, కానీ ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో రాసిన వీలునామాకు అది చాలా అక్కరకు వస్తుంది.

రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. ఏ వయసులోనైనా, రాసిన ఎంతకాలానికైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో నమోదవుతాయి, ఈసీలో కనబడవు, మీరు బతికుండగా ఇతరులకు నకలు ఇవ్వరు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర మిమ్మల్ని గుర్తించడానికి వచ్చేవారు, వీలునామా సాక్షులు ఒకరే కానక్కరలేదు. గుర్తింపు సాక్షి సంతకం ధ్రువీకరణ సాక్షి సంతకానికి బదులు కాదు. ఇది తెలియక ధ్రువీకరణ సాక్షుల చోటు ఖాళీగా వదిలి రిజిస్టర్ చేయించిన పత్రాలు ఉన్నాయి. విషయం ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచే ఏర్పాటు కూడా ఉంది.

ఎగ్జిక్యూటర్‌కు అసలు పత్రం ఎక్కడ ఉందో చెప్పాలి. ప్రత్యామ్నాయ ఎగ్జిక్యూటర్‌కు కూడా చెప్పాలి. తరవాత మార్పులు చేయవలసి వస్తే చిన్నవైతే అనుబంధ వీలునామా, పెద్దవైతే కొత్త వీలునామా అదే పద్ధతిలో, ఇద్దరు సాక్షులతో రాయాలి. రిజిస్టర్ అయిన పాతదాన్ని రిజిస్టర్ కాని కొత్తది కూడా రద్దు చేయగలదు కానీ, కొత్తదాన్ని కూడా రిజిస్టర్ చేయిస్తేనే వాదన తగ్గుతుంది. ఎగ్జిక్యూటర్ చనిపోయినా, మనసు మార్చుకున్నా, కుటుంబంలో పంపకం జరిగి మాగాణి హద్దులు మారినా పత్రాన్ని మళ్ళీ తీసి చదవాలి. పంపకం జరిగితే 'నా భాగమునకు వచ్చు హక్కు' అన్న పాత వాక్యం స్థానంలో ఇప్పుడు మీ పేరున విడిగా వచ్చిన సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు రాయాలి.